160 కిలోవాట్ల పంపు మోటారుకు స్టార్-డెల్టానా, సాఫ్ట్ స్టార్టరా?

ప్రశ్న: "మా పంపుహౌస్‌లో 160 కిలోవాట్లు, 415 వోల్టుల ఇండక్షన్ మోటారు ఒక సెంట్రిఫ్యూగల్ పంపును తిప్పాలి. సరఫరా 500 కేవీఏ ట్రాన్స్‌ఫార్మర్ నుంచి వస్తుంది. స్టార్-డెల్టా చాలని ఒకరు, సాఫ్ట్ స్టార్టర్ తప్పదని ఇంకొకరు అంటున్నారు. స్టార్టింగులో ఏది తక్కువ కరెంటు లాగుతుంది? కుదుపు దేనిలో తక్కువ? సాఫ్ట్ స్టార్టర్‌కు పెట్టే అదనపు ఖర్చు దండగా, కాదా?"

మీరు చెప్పని ఒక విషయం మీదే ఈ నిర్ణయమంతా ఆధారపడి ఉంది. పంపును స్టార్ట్ చేసేటప్పుడు డెలివరీ వాల్వు మూసి ఉంచగలరా, లేదా? ప్రతిసారీ మూసి ఉంచగలిగితే, మీ ట్రాన్స్‌ఫార్మర్ మీద పడే భారం విషయంలో స్టార్-డెల్టాయే మెరుగు. వాల్వు తెరిచే స్టార్ట్ చేయాల్సి వస్తే స్టార్-డెల్టా మీకు సరిపోదు, సాఫ్ట్ స్టార్టర్ తీసుకోండి. స్టార్-డెల్టా కన్నా సాఫ్ట్ స్టార్టర్ ఎప్పుడూ తక్కువ కరెంటు లాగుతుందని చాలామంది నమ్ముతారు, కానీ అది నిజం కాదు. కారణం అర్థం కావాలంటే లెక్క వేసి చూడాలి.

ఈ పరిమాణపు నాలుగు పోల్ మోటారుకు పూర్తి లోడు కరెంటు సుమారు 270 ఆంపియర్లు, పూర్తి లోడు టార్క్ సుమారు 1030 న్యూటన్ మీటర్లు ఉంటాయి. నేరుగా లైనుకు కలిపితే నిలిచి ఉన్న రోటరుతో 6.5 రెట్ల కరెంటు లాగుతుందని, అప్పుడు 2 రెట్ల టార్క్ ఇస్తుందని, గరిష్ఠ టార్క్ 2.2 రెట్లని అనుకుందాం. మీ మోటారు తయారీదారు ఇచ్చిన డేటా షీటులో అసలు అంకెలు ఉంటాయి, లెక్కను వాటితో మళ్లీ వేసుకోండి. నేరుగా కలిపితే మొదటి కరెంటు 1755 ఆంపియర్లు. స్టార్-డెల్టా స్టార్టరు మోటారును మొదట స్టార్‌లో కలిపి, కాసేపటికి టైమరుతో డెల్టాలోకి మారుస్తుంది. స్టార్‌లో కలిపినప్పుడు ఒక్కో వైండింగుకు అందే వోల్టేజీ 58 శాతానికి తగ్గుతుంది కాబట్టి వైండింగులోని కరెంటు కూడా అంతే తగ్గుతుంది. అయితే డెల్టాలో లైను కరెంటు వైండింగు కరెంటుకు 1.73 రెట్లు ఉంటుంది, స్టార్‌లో రెండూ ఒకటే. ఈ రెండు తగ్గుదలలు కలిసి లైను కరెంటును సరిగ్గా మూడో వంతుకు, అంటే 585 ఆంపియర్లకు దించుతాయి. టార్క్ వోల్టేజీ వర్గానికి అనుగుణంగా మారుతుంది కాబట్టి అదీ మూడో వంతే అవుతుంది, అంటే పూర్తి లోడు టార్కులో 0.67 వంతు.

సాఫ్ట్ స్టార్టర్‌కు ఈ రెండో తగ్గుదల దొరకదు. అది డెల్టాలోనే ఉన్న మోటారుకు థైరిస్టర్ల సాయంతో వోల్టేజీని కోసి ఇస్తుంది. వోల్టేజీని 58 శాతానికి తగ్గిస్తే స్టార్‌లో వచ్చిన టార్కే వస్తుంది, కానీ లైను కరెంటు కూడా 58 శాతం వద్దే ఆగిపోతుంది, అంటే సుమారు 1010 ఆంపియర్లు. ఒకే టార్కుకు ఒకటి 585, మరొకటి 1010. దీన్నే తిప్పి చూద్దాం. సాఫ్ట్ స్టార్టర్‌లో కరెంట్ లిమిట్‌ను 585 ఆంపియర్లకే బిగిస్తే వోల్టేజీ మూడో వంతుకు, టార్క్ తొమ్మిదో వంతుకు పడిపోతుంది. పూర్తి లోడు టార్కులో అది 0.22 వంతు మాత్రమే కాబట్టి చాలా పంపులు సగం వేగం దాటకముందే అక్కడే ఆగి వేడెక్కుతాయి. అందుచేత "మా సాఫ్ట్ స్టార్టర్ రెండు రెట్ల కరెంటుతోనే స్టార్ట్ చేస్తుంది" అని ఎవరైనా అంటే, లోడు ఏమిటో, ఆ కరెంటుకు ఎంత టార్క్ వస్తుందో తప్పక అడగండి.

అలాంటప్పుడు సాఫ్ట్ స్టార్టర్‌ను ఎందుకు కొనాలన్న సందేహం వస్తుంది. సమాధానం స్టార్టింగ్ రెండో సగంలో ఉంది. స్టార్‌లో టార్క్ మొదటి నుంచి చివరి దాకా, అదే వేగం వద్ద డెల్టాలో వచ్చేదానిలో మూడో వంతుగానే ఉంటుంది, వేగం పెరిగినా ఆ నిష్పత్తి మారదు. పంపుకు కావలసిన టార్క్ మాత్రం వేగం వర్గంతో పాటు పెరుగుతూ పోతుంది. వాల్వు తెరిచి ఉన్నప్పుడు మీ పంపు పూర్తి వేగంలో 0.9 వంతు టార్క్ కోరుతుందనుకుంటే 60 శాతం వేగంలో 0.32 వంతు, 88 శాతం వేగంలో 0.70 వంతు కోరుతుంది. గరిష్ఠ టార్క్ 2.2 రెట్లు ఉన్న మోటారు స్టార్‌లో ఇవ్వగలిగేది ఎంత ప్రయత్నించినా 0.73 వంతు. కాబట్టి 88 శాతం వేగానికి కాస్త అటూ ఇటూగా మోటారు ఇచ్చే టార్కూ పంపు కోరే టార్కూ సమానమై, వేగం పెరగడం ఆగిపోతుంది. టైమరును ఎంత పెంచినా మోటారు అక్కడే ఉంటుంది. ఆ ఆలస్యమంతా వైండింగును, రోటరును వేడి చేయడానికే ఖర్చవుతుంది.

అప్పుడు టైమరు డెల్టాలోకి మారుస్తుంది. ఇండక్షన్ మోటారు కరెంటు వేగంతో పాటు సమానంగా తగ్గదు. దాదాపు 80 శాతం వేగం దాకా మొదటి కరెంటుకు దగ్గరగానే ఉండి, ఆపైనే నిటారుగా పడుతుంది. 88 శాతం వద్ద డెల్టాలో సుమారు 5 రెట్లు, అంటే 1350 ఆంపియర్లు లాగుతుంది. అంతకు ఒక్క క్షణం ముందు స్టార్‌లో అదే వేగం వద్ద 450 ఆంపియర్లే ఉంది. మోటారు ఇచ్చే టార్క్ కూడా 0.70 వంతు నుంచి ఒక్కసారిగా 2.1 రెట్లకు ఎగురుతుంది. మీరు అడిగిన కుదుపు ఇదే. కప్లింగు, షాఫ్టు కీ, పంపు ఇంపెల్లరు, చివరకు పైపులైను కూడా దీన్ని భరించాలి.

ఈ అంకెలను ట్రాన్స్‌ఫార్మర్ వైపు నుంచి చూద్దాం. 500 కేవీఏ ట్రాన్స్‌ఫార్మర్ పూర్తి కరెంటు 415 వోల్టుల వైపు సుమారు 695 ఆంపియర్లు. ఇంపీడెన్సు 5 శాతం అనుకుంటే, స్టార్టింగులో పవర్ ఫ్యాక్టర్ చాలా తక్కువ కాబట్టి వోల్టేజీ పతనాన్ని కరెంటు నిష్పత్తితోనే స్థూలంగా లెక్కించవచ్చు. స్టార్‌లోని 585 ఆంపియర్లకు పతనం 4.2 శాతం. డెల్టాలోకి మారిన క్షణంలోని 1350 ఆంపియర్లకు 9.7 శాతం. నేరుగా కలిపితే వచ్చే 1755 ఆంపియర్లకు 12.6 శాతం. ఇవి ట్రాన్స్‌ఫార్మర్ ఒక్కదాని పతనాలే, పై లైనులో పడేది దీనికి అదనం. స్టార్-డెల్టా పెట్టినా వాల్వు తెరిచి ఉంటే, నేరుగా కలిపినప్పుడు పడే దెబ్బలో నాలుగింట మూడు వంతులు ఎలాగూ పడుతుంది, కాకపోతే కాస్త ఆలస్యంగా పడుతుంది.

సాఫ్ట్ స్టార్టర్‌తో అదే పంపును, వాల్వు తెరిచే, 3.5 రెట్ల కరెంట్ లిమిట్‌తో స్టార్ట్ చేద్దాం. లిమిట్ 945 ఆంపియర్లు, పతనం 6.8 శాతం. మొదట్లో వోల్టేజీ 54 శాతం కాబట్టి టార్క్ 0.58 వంతు, స్టార్ కన్నా కాస్త తక్కువే. కానీ వేగం పెరిగేకొద్దీ మోటారు స్వయంగా తక్కువ కరెంటు లాగడం మొదలుపెడుతుంది, దానికి తగినట్టు సాఫ్ట్ స్టార్టర్ అదే 945 ఆంపియర్లను నిలబెట్టడానికి వోల్టేజీని పెంచుతూ పోతుంది. 88 శాతం వేగం వద్ద వోల్టేజీ 70 శాతానికి చేరుతుంది, టార్క్ దాదాపు 1.03 రెట్లవుతుంది. స్టార్‌లో చతికిలబడిన చోట ఇక్కడ పంపు కోరే 0.70 కన్నా చాలా ఎక్కువ టార్క్ చేతిలో ఉంది. మోటారు ఆగకుండా పూర్తి వేగానికి వెళుతుంది, 945 ఆంపియర్లను మించిన కరెంటు ఏ దశలోనూ రాదు. నా దృష్టిలో సాఫ్ట్ స్టార్టర్ అసలు విలువ ఇదే. ఈ లెక్కలో లిమిట్‌ను 3 రెట్లకు దించితే అదే వేగం వద్ద మిగిలే అదనపు టార్క్ పూర్తి లోడు టార్కులో నూటికి ఐదారు పాళ్లే. తక్కువ లిమిట్ పెట్టడం జాగ్రత్తగా కనిపిస్తుంది గానీ, అది మోటారుకు మేలు చేయదు.

ఇప్పుడు వాల్వు మూసిన పరిస్థితి చూద్దాం. రేడియల్ ఫ్లో పంపులకు వాల్వు మూసి ఉన్నప్పుడు పూర్తి వేగంలో కావలసిన టార్క్ సగానికి అటూ ఇటూగా ఉంటుంది. 0.45 వంతు అనుకుంటే, స్టార్‌లోని మోటారు దాన్ని సునాయాసంగా మోసుకుపోయి 98 శాతం పైన నిలుస్తుంది. అక్కడ స్టార్‌లోని కరెంటు 130 ఆంపియర్ల లోపు పడిపోతుంది, డెల్టాలోకి మారాక మిగిలేది లోడుకు తగిన కరెంటే. అప్పుడు మొత్తం స్టార్టింగులో నిలకడగా ఉండే అత్యధిక కరెంటు 585 ఆంపియర్లు. ఇదే పనిని సాఫ్ట్ స్టార్టర్ ఇంత తక్కువ కరెంటుతో చేయలేదు. ఒక హెచ్చరిక చెప్పాలి. యాక్సియల్ ఫ్లో పంపులకు వాల్వు మూస్తే టార్క్ పెరుగుతుంది, తగ్గదు. కాబట్టి మీ పంపు కర్వు చూడకుండా ఈ పద్ధతి పాటించకండి.

స్టార్ నుంచి డెల్టాకు మారేటప్పుడు ఇంకో కుదుపు ఉంది, ఇది లోడు తేలికగా ఉన్నా వస్తుంది. స్టార్ కాంటాక్టరు తెరుచుకుని డెల్టా కాంటాక్టరు మూసుకునేలోపు, సుమారు 50 మిల్లీసెకన్ల పాటు, మోటారుకు సరఫరా ఉండదు. అయితే రోటరులోని అయస్కాంత క్షేత్రం ఆ కాస్త సమయంలో పోదు. పెద్ద మోటార్లలో అది నెమ్మదిగా తగ్గుతుంది. అందువల్ల తిరుగుతున్న రోటరు వైండింగుల్లో వోల్టేజీ పుట్టిస్తూనే ఉంటుంది, కానీ ఆ వోల్టేజీ ఫ్రీక్వెన్సీ రోటరు వేగాన్ని బట్టి 50 హెర్ట్జ్‌కు కొంత తక్కువ. వాల్వు మూసిన మన ఉదాహరణలో స్లిప్, అంటే రోటరు వేగంలోని ఆ వెనకబాటు, 1.5 శాతం. పైగా ఆ ఖాళీ సమయంలో నీటి నిరోధం రోటరును ఇంకా నెమ్మదింపజేస్తుంది. రెండూ కలిసి 50 మిల్లీసెకన్లలో మిగిలిన వోల్టేజీ సరఫరా కన్నా సుమారు 30 డిగ్రీలు వెనకబడుతుంది. డెల్టా మూసుకున్న క్షణంలో ఈ తేడా ఎంత ఎక్కువుంటే కరెంటు శిఖరం అంత ఎక్కువ ఉంటుంది. తేడా బాగా పెరిగితే ఆ శిఖరం నేరుగా కలిపినప్పటి స్టార్టింగ్ కరెంటును కూడా మించగలదు, టార్క్ క్షణకాలం వ్యతిరేక దిశకు కూడా తిరగగలదు. ఇది కొన్ని సైకిళ్లలో అణగిపోతుంది కాబట్టి మామూలు అమ్మీటరులో కనిపించదు, కానీ సర్క్యూట్ బ్రేకరులోని తక్షణ ట్రిప్‌ను పడేయడానికి అది చాలు. స్టార్‌లో చక్కగా పరుగెత్తి, డెల్టాలోకి మారగానే అప్పుడప్పుడు మాత్రమే బ్రేకరు పడుతూ, మరోసారి స్టార్ట్ చేస్తే పడకపోతే, మొదట అనుమానించవలసింది దీన్నే.

దీన్ని కొంత తగ్గించడానికి పైసా ఖర్చు లేని ఒక మార్గం వైరింగులో ఉంది. మూడు వైండింగుల మొదటి కొసలు యు1, వి1, డబ్ల్యూ1, రెండో కొసలు యు2, వి2, డబ్ల్యూ2. వాటిని డెల్టాలో కలిపే తీరులు రెండు. యు1తో వి2ను, వి1తో డబ్ల్యూ2ను, డబ్ల్యూ1తో యు2ను కలిపితే ఒక్కో వైండింగుకు వచ్చే వోల్టేజీ స్టార్‌లో ఉన్నదానికన్నా 30 డిగ్రీలు వెనక ఉంటుంది. మిగిలిన వోల్టేజీ కూడా వెనకబడే ఉంటుంది కాబట్టి రెండూ దాదాపు కలుస్తాయి. ఇంకో తీరులో, అంటే టెర్మినల్ బోర్డు మీద పలకలు వేసినప్పుడు వచ్చే అలవాటైన యు1తో డబ్ల్యూ2 జతలో, వోల్టేజీ 30 డిగ్రీలు ముందు ఉంటుంది, అప్పుడు తేడా 60 డిగ్రీలకు చేరుతుంది. రెండు తీరుల్లోనూ మోటారు ఒకే దిశలో తిరుగుతుంది కాబట్టి తప్పు బయటపడదు. సరఫరా ఫేజులు సరైన వరుసలో ఉండి, అవి యు1, వి1, డబ్ల్యూ1లకు అదే వరుసలో అందినప్పుడే ఈ మాట వర్తిస్తుంది. దిశ మార్చడానికి రెండు ఫేజులు తారుమారు చేస్తే అనుకూలమైన జత కూడా మారుతుంది.

మీది ఏ పరిస్థితో తెలుసుకోవడానికి స్టార్‌లో ఉండగా లైను కరెంటును గమనిస్తే చాలు. టైమరు మార్చే ముందు కరెంటు స్పష్టంగా పడిపోయి నిలకడగా ఉంటే మోటారు వేగం అందుకుంది, టైమరును ఆ పతనం తర్వాత ఒకటి రెండు సెకన్లకు పెట్టండి. కరెంటు 450 దగ్గరే వేలాడుతూ ఉంటే మోటారు చిక్కుకుంది, దానికి టైమరు మందు కాదు. అలాగే నడిపిస్తూ పోతే స్టార్, డెల్టా కాంటాక్టర్ల కాంటాక్టులు త్వరగా కాలి అరిగిపోతాయి. అవి తరచూ పాడవుతున్నాయంటే కారణం కాంటాక్టరు నాణ్యతలో కాక లోడులో వెతకాలి.

సాఫ్ట్ స్టార్టర్‌లో మధ్యలో మార్పిడి లేదు కాబట్టి టార్కు మెట్టు ఉండదు, కానీ ఉండేలా చేసుకోవడం సులువే. థైరిస్టర్లను తప్పించి మోటారును నేరుగా లైనుకు కలిపే బైపాస్ కాంటాక్టరు, మోటారు పూర్తి వేగానికి చేరకముందే మూసుకునేలా సెట్ చేస్తే, పైన చూసిన ఎగురుడే ఇక్కడా వస్తుంది. కాలాన్ని బట్టి కాకుండా వేగం అందుకున్నట్టు గుర్తించాకే బైపాస్ మూసుకునే పరికరం ఎంచుకోండి. పంపుల విషయంలో ఆపడం కూడా ముఖ్యమే. స్టార్-డెల్టా మోటారును ఉన్నపళాన వదిలేస్తుంది, పొడవైన ఎత్తు పైపులైనులో నీరు వెనక్కి తిరిగి నాన్-రిటర్న్ వాల్వును బలంగా మూస్తుంది. సాఫ్ట్ స్టార్టర్ వోల్టేజీని క్రమంగా తగ్గించి ఈ నీటి దెబ్బను చాలా వరకు తగ్గిస్తుంది. మీ పైపులైను పొడవైనదైతే ఈ ఒక్క కారణానికే దాన్ని ఎంచుకోవడం సమంజసం.

సాఫ్ట్ స్టార్టర్ రోటరు వేడిని తగ్గిస్తుందని కూడా అంటారు. ఇది సరికాదు. లోడు లేకుండా స్టార్ట్ చేసినా, తిరిగే భాగాలు పూర్తి వేగానికి చేరేసరికి వాటిలో ఎంత గతిశక్తి చేరుతుందో అంత శక్తి రోటరులో వేడిగా మారుతుంది. స్టార్టరు ఏదైనా అంతే. లోడు ఉన్నప్పుడు స్టార్టింగ్ ఎంత సాగితే వేడి అంత పెరుగుతుంది. కాబట్టి వోల్టేజీని క్రమంగా పెంచే ర్యాంపును అవసరానికి మించి పొడిగించకండి, గంటకు ఎన్ని స్టార్టులు అనుమతించాలన్నది మోటారు డేటా షీటును చూసే నిర్ణయించండి.

ఖర్చు విషయంలో స్టార్టరు ధరలను మాత్రమే పక్కపక్కన పెట్టి చూడటం వల్లే చాలామంది పొరబడతారు. స్టార్-డెల్టాలో మెయిన్, డెల్టా కాంటాక్టర్లు 58 శాతం కరెంటుకు, అంటే 157 ఆంపియర్లకు సరిపోతే చాలు, స్టార్ కాంటాక్టరుకు 90 ఆంపియర్లు చాలు. ఓవర్‌లోడ్ రిలే వైండింగు కరెంటును కొలిచే చోట ఉంటే 157కే సెట్ చేయాలి, 270కి పెడితే మోటారుకు రక్షణ లేనట్టే. ఇవి అన్నీ కలిపినా సాఫ్ట్ స్టార్టర్ కన్నా చవకే, పాడైన కాంటాక్టరును స్థానిక ఎలక్ట్రీషియనే మార్చగలడు. కానీ పానెల్ నుంచి మోటారుకు ఆరు కండక్టర్లు వేయాలి. మోటారు పానెల్ పక్కనే ఉంటే ఇది లెక్కలోకి రాదు, దూరం పెరిగేకొద్దీ అదనపు కేబులు ధర స్టార్టర్ల మధ్య తేడాను తినేస్తుంది. సాఫ్ట్ స్టార్టర్‌కు మూడు చాలు, అయితే థైరిస్టర్లను కాపాడే వేగవంతమైన ఫ్యూజులు, ముందు ఒక మెయిన్ కాంటాక్టరు, బైపాస్ ఉన్నాయో లేవో చూసి వాటి ఖర్చు కూడా కలపాలి. బైపాస్ లేకుండా నడిపితే ఒక్కో ఆంపియరుకు సుమారు 3 వాట్ల చొప్పున, పూర్తి లోడులో దాదాపు 800 వాట్ల వేడి పానెల్‌లోనే నిరంతరం పుడుతుంది.

ఇప్పటికే ఆరు కేబుళ్లు వేసి ఉన్నచోట ఒక మధ్యేమార్గం ఉంది. సాఫ్ట్ స్టార్టర్‌ను డెల్టా లోపల, వైండింగులతో వరుసగా కలిపితే 157 ఆంపియర్ల పరికరమే సరిపోతుంది, ధర బాగా తగ్గుతుంది. లైను కరెంటు మాత్రం తగ్గదు, పైన వేసిన లెక్కే ఇక్కడా వర్తిస్తుంది. పైగా ఈ కలయికలో మోటారు ఆగి ఉన్నప్పుడు కూడా వైండింగుల ఒక కొస సరఫరాకు తగిలి ఉంటుంది కాబట్టి మెయిన్ కాంటాక్టరు తప్పనిసరి. ఏ కలయికలోనైనా, పవర్ ఫ్యాక్టర్ కెపాసిటర్లు ఇప్పుడు మోటారు టెర్మినళ్ల వద్ద ఉంటే, సాఫ్ట్ స్టార్టర్‌కు మొదటిసారి సరఫరా ఇచ్చేలోపే వాటిని విప్పి దాని సరఫరా వైపుకు మార్చండి, మోటారు పూర్తి వేగం అందుకున్నాకే వేరే కాంటాక్టరుతో కలిసేలా చూడండి. థైరిస్టర్ల అవుట్‌పుట్ వైపు కెపాసిటర్లు మిగిలిపోతే వాటి ఛార్జింగ్ కరెంటుకు థైరిస్టర్లు మొదటి స్టార్టులోనే పోవచ్చు.